నీళ్ళలో కనిపించేది తలకిందులు చేసిన బొమ్మ కాదు

బరంపురంలో గోడల మీద, కూడళ్ళలో వేలాడే ఫ్లెక్సీల్లో చెరువుగట్టున నిలబెట్టిన వస్తువు కనిపించని వారం ఉండదు. పెళ్ళి ఆల్బంలో జంట చిలికా ఒడ్డున నిలబడుతుంది, ట్రావెల్స్ బస్సు తంపరా సరస్సు పక్కన ఆగి ఉంటుంది, పచ్చడి సీసా అద్దంలాంటి నల్లబల్ల మీద మెరుస్తుంది. వీటిలో చాలా వాటికి ప్రతిబింబాన్ని ఫోటోషాప్‌లో ఒకే పద్ధతిలో చేస్తారు. లేయర్‌ని నకలు తీసి, `Flip Vertical` నొక్కి, కిందికి జరిపి, మాస్క్ మీద గ్రేడియంట్ గీసి మాయం చేసి, పైన `Ripple` ఫిల్టర్ వేస్తారు. అయిదు నిమిషాల పని. ఈ ఊళ్ళో ఏళ్ళుగా డిజైన్ పని చేస్తున్న నాకు ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఉంది. అందులోని ప్రతి అడుగూ నీళ్ళ గురించి ఒక అబద్ధం చెబుతుంది, ఆ అబద్ధాన్ని సరిచేయడం అంత కష్టమైన పనీ కాదు.

ప్రతిబింబం అంటే మనం తీసిన ఫోటోకు తలకిందుల నకలు కాదు. అది వేరే చోటు నుంచి తీసిన రెండో ఫోటో. నీటికి ఒకటిన్నర మీటరు ఎత్తున మన కెమెరా ఉందనుకోండి. నీళ్ళలో కనిపించే దృశ్యం నీటిమట్టానికి ఒకటిన్నర మీటరు లోతున ఉన్న ఇంకో కెమెరా పైకి చూస్తూ తీసినట్టు ఉంటుంది. ఆ కెమెరాకు వస్తువు పైభాగం కనపడదు, అడుగుభాగం ఎక్కువ కనిపిస్తుంది. పడవ అంచు మీదుగా మనకు లోపలి చెక్కలు కనిపిస్తుంటే నీళ్ళలో దాని పొట్ట మాత్రమే కనిపిస్తుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగిలినదంతా దాని నుంచే వస్తుంది.

ఒక నిజమైన పనిని తీసుకుని చెబుతాను. ఛత్రపురం దగ్గరి తంపరా మంచినీటి సరస్సు ఒడ్డున తన మినీబస్సు ఆగి ఉన్నట్టు ఫ్లెక్సీ కావాలని ఒక ట్రావెల్స్ యజమాని వచ్చారు. సరస్సు ఫోటో, బస్సు ఫోటో రెండూ ఆయనే తెచ్చారు. బస్సును ఆయన ఇంటి మొదటి అంతస్తు నుంచి తీశారు. పైకప్పు, దాని మీద సామాన్ల కటకటాలు కూడా కనిపిస్తున్నాయి. సరస్సును మాత్రం ఒడ్డున నిలబడి తీశారు.

"బాబూ, నీళ్ళలో బస్సు కనిపించాలి, అంతే కదా! తిప్పి పెట్టేయండి," అన్నారు.

"తిప్పితే నీళ్ళలో బస్సు పైకప్పు కనిపిస్తుందండీ. నీటి కింది నుంచి చూసేవాడికి పైకప్పు ఎలా కనిపిస్తుంది?" అన్నాను.

ఆయన కాసేపు తెరవైపు చూసి, "అవును సుమా," అని మరుసటి రోజు రోడ్డు మీద నిలబడి తీసిన ఫోటో పంపించారు. ఆ ఫోటోలో కెమెరా బస్సు కిటికీల ఎత్తుకు దగ్గరగా ఉంది, పైకప్పు కనపడదు. ఫోటో తీయించడానికి ముందే ఈ మాట చెప్పడం సగం పని. ఎంత ఓపికగా రంగులు దిద్దినా పైనుంచి తీసిన ఫోటోలోని పైకప్పును నీళ్ళలోంచి తీసేయలేం. తీసేసిన చోట కనిపించాల్సిన అడుగుభాగం ఫోటోలో లేనే లేదు కదా!

ఇక లెక్క. భయపడాల్సిందేమీ లేదు, కూడికలూ తీసివేతలే. సరస్సు ఫోటోలో అవతలి గట్టు చాలా దూరంగా ఉంది కాబట్టి ఆ గీతనే క్షితిజ రేఖగా తీసుకోవచ్చు. కెమెరా నీటిమట్టానికి 1.5 మీటర్ల ఎత్తున ఉంది. బస్సు ఎత్తు 3 మీటర్లు, కెమెరా నుంచి దూరం 30 మీటర్లు. చిత్రంలో దాన్ని 300 పిక్సెళ్ళుగా పెట్టాం, అంటే బస్సు ఉన్న దూరంలో ఒక మీటరుకు 100 పిక్సెళ్ళు. గట్టు మెల్లగా పైకి లేస్తుంది కాబట్టి బస్సు నిలిచిన నేల నీటికంటే ఒక మీటరు ఎత్తులో ఉంది.

కెమెరా ఎత్తులో ఉండేదేదైనా చిత్రంలో క్షితిజ రేఖ మీదికే వస్తుంది. కాబట్టి బస్సు చక్రాలు రేఖకు అర మీటరు, అంటే 50 పిక్సెళ్ళు కింద ఉండాలి. పైకప్పు అంచు నీటికి 4 మీటర్ల ఎత్తున ఉంది కనుక రేఖకు 250 పిక్సెళ్ళు పైన ఉండాలి. అలా లేకపోతే ప్రతిబింబం సంగతి తర్వాత, అసలు బస్సే గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ గీత దగ్గర మడవాలి? అందరూ చక్రాల దగ్గర మడుస్తారు, లేదా ఒడ్డు అంచు దగ్గర. రెండూ తప్పే. నీటిమట్టాన్ని గట్టు కింద నుంచి బస్సు దాకా పొడిగించి ఊహించుకోవాలి. బస్సు కింద, ఆ దూరంలో నీటిమట్టం క్షితిజ రేఖకు 1.5 మీటర్లు, అంటే 150 పిక్సెళ్ళు కింద ఉంటుంది. మడత గీత అదే. అది గట్టు మీద, గడ్డిలో ఎక్కడో పడుతుంది, కంటికి ఏ గుర్తూ కనపడదు. అక్కడ మడిస్తే చక్రాల ప్రతిబింబం రేఖకు 250 పిక్సెళ్ళు కింద, పైకప్పు అంచుది 550 పిక్సెళ్ళు కింద పడుతుంది. మా ఫోటోలో నీటి అంచు 225 దగ్గర ఉంది. అంటే నీటి అంచుకూ ప్రతిబింబంలోని చక్రాలకూ మధ్య 25 పిక్సెళ్ళ ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో కనిపించాల్సింది గట్టు ప్రతిబింబం. అక్కడ గడ్డిని తిప్పి పెట్టకపోతే బస్సు నీళ్ళను అంటుకుని నిలబడినట్టు అనిపిస్తుంది.

ఇదే బస్సు నేరుగా నీటి మట్టానికి దగ్గరగా ఉన్న బురదనేల మీద నిలబడి ఉంటే చక్రాలు, బంపరు కింది అంచు ప్రతిబింబంలోకి రానే రావు, గట్టు వాటిని మింగేస్తుంది. మన ఫోటో లెక్కలో నీటికి ముప్పావు మీటరు కంటే కిందున్న భాగమేదీ నీళ్ళలో కనిపించదు. కెమెరా ఎత్తు పెరిగిన కొద్దీ మింగే భాగం పెరుగుతుంది. వంతెన మీద నుంచి, 6 మీటర్ల ఎత్తున నిలబడి అదే గట్టును తీస్తే బస్సు ఉన్న దూరంలో నీటికి 3 మీటర్ల కంటే కిందున్నదంతా పోతుంది. గట్టు వెనక కాస్త దూరంగా ఉన్న ఇంటికి నీళ్ళలో పైకప్పు కొస మాత్రమే కనిపించడానికి కారణం ఇదే. చెరువు దగ్గర పెరిగిన వాళ్ళందరూ దీన్ని చూసే ఉంటారు.

బస్సు ఓరగా నిలబడి ఉంటే ఒక్క మడత గీత సరిపోదు. ముందు చక్రం దగ్గరగా, వెనక చక్రం దూరంగా ఉంటాయి కనుక గీత వాలుగా ఉండాలి. పక్కవైపును ఒక ముక్కగా, ముందువైపును ఇంకో ముక్కగా కోసి, విడివిడిగా తిప్పి, `Skew` తో వాల్చి ప్రతి మూలనూ దాని నిలువు కిందే ఉంచాలి. మూల ఎక్కడుందో దాని ప్రతిబింబం సరిగ్గా ఆ నిలువు గీత మీదే పడుతుంది. పక్కకు జరిగిందంటే మడత తప్పినట్టే.

రెండో అబద్ధం మాయమయ్యే గ్రేడియంట్. దూరం వెళ్ళేకొద్దీ ప్రతిబింబం సున్నాకు కరిగిపోవాలన్న అలవాటు వెబ్‌సైట్ల బటన్ల కాలంలో వచ్చింది. నీళ్ళకు దానితో సంబంధం లేదు. నీటి మీద ఎంత వాలుగా చూస్తే అంత ఎక్కువ ప్రతిఫలిస్తుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తే పడిన వెలుగులో రెండు శాతమే తిరిగి వస్తుంది, అందుకే కాళ్ళ దగ్గర నీళ్ళలో అడుగున ఉన్న రాళ్ళు కనిపిస్తాయి. బాగా వాలుగా చూస్తే సగం పైగా వస్తుంది. మన లెక్కలో బస్సు చక్రాలు కనిపించే చోట చూపు నీటితో అయిదు డిగ్రీల కోణం చేస్తుంది, అక్కడ దాదాపు 60 శాతం. పైకప్పు అంచు కనిపించే చోట పది డిగ్రీలు, అక్కడ సుమారు 35 శాతం. కాబట్టి గ్రేడియంట్ ఉండాలి, కానీ అది 60 నుంచి 35 దాకానే దిగాలి. సున్నాకు ఎప్పుడూ చేరదు. బస్సు పైకప్పు దాకా నీళ్ళలో స్పష్టంగా ఉండాలి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్ళు బహు తక్కువ. లేయర్ అపారదర్శకతను 60 కి తగ్గిస్తే మిగిలిన 40 లో ఏం కనిపిస్తుంది? సరస్సు ఫోటోలోని నీళ్ళు. కానీ ఆ నీళ్ళలో అప్పటికే ఆకాశం ప్రతిబింబం ఉంది. బస్సు ఆకాశానికి అడ్డం నిలబడినప్పుడు దాని వెనకున్న ఆకాశం నీళ్ళలో కనిపించకూడదు కదా! బస్సులోంచి మేఘాలు కనిపించే ఈ దోషాన్ని చాలా ఫ్లెక్సీల్లో చూస్తున్నాను. సరైన దారి ఇది. ప్రతిబింబం లేయర్ కింద, అదే ఆకారంలో, నీటి సొంత రంగుతో ఒక పొర వేయాలి. ఆ రంగు ఎక్కడ దొరుకుతుంది? సరస్సు ఫోటోలోనే, నల్లని సరుగుడు చెట్ల ప్రతిబింబం పడిన చోట. అక్కడ ఆకాశం వెలుగు తిరిగి రావడం లేదు కాబట్టి కనిపిస్తున్నది ఎక్కువగా నీటి సొంత రంగే, కొంచెం ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు. దాన్ని ఐడ్రాపర్‌తో తీసి, పొర నింపి, దాని మీద బస్సును 60 నుంచి 35 కి దించితే రెండు మార్పులు వాటంతటవే జరుగుతాయి. బస్సు తెల్లరంగు నీళ్ళలో మందగిస్తుంది, నల్లటి టైర్లు కాస్త తేలికై మట్టిరంగు పట్టుకుంటాయి. నిజమైన చెరువులో జరిగేది సరిగ్గా ఇదే. వెలుగు తగ్గుతుంది, చీకటి పలచబడుతుంది.

అలల విషయంలో నాకు ఇంకా పట్టుదల ఎక్కువ. `Filter > Distort > Ripple` చిత్రమంతటా ఒకే కొలత అలలు వేస్తుంది. దూరాన ఉన్న అల, దగ్గరున్న అల ఒకే సైజులో ఉంటే అది నీరు కాదు, ముడతలు పడ్డ గుడ్డ. మన ఫోటోలో పొడవూ వెడల్పూ 20 సెంటీమీటర్లున్న అల ప్రతిబింబం మొదలయ్యే చోట 3 పిక్సెళ్ళ ఎత్తే ఉంటుంది, బస్సు పైకప్పు ప్రతిఫలించే చోట 13 పిక్సెళ్ళు ఉంటుంది. వెడల్పు మాత్రం అక్కడ 33, ఇక్కడ 73 పిక్సెళ్ళు. అంటే చిత్రంలో ప్రతి అలా చదునుగా, ఎత్తుకు ఎన్నో రెట్లు వెడల్పుగా ఉండాలి.

చెదిరే తీరు కూడా ముఖ్యం. అల ముఖం ఒక డిగ్రీ వాలితే తిరిగి వచ్చే చూపు రెండు డిగ్రీలు మళ్ళుతుంది. ఆ మళ్ళిన చూపు నీటి నుంచి బస్సు దాకా ఎంత దూరం ప్రయాణిస్తే అంత పెద్ద చెదరు. చక్రాల విషయంలో ఆ దూరం 12 మీటర్లు, చెదరు 42 పిక్సెళ్ళు. పైకప్పు విషయంలో దాదాపు 22 మీటర్లు, చెదరు 76 పిక్సెళ్ళు. వస్తువు నీటి అంచునే నిలబడి ఉంటే మొదట్లో చెదరు సున్నా అవుతుంది. నీళ్ళలో పాతిన గుంజ ప్రతిబింబం మొదట్లో నిటారుగా ఉండి, మన వైపు వచ్చేకొద్దీ ముక్కలవడానికి కారణం ఇది. ఇంకొకటి, ఇంత వాలుగా చూసేటప్పుడు చెదరు ఎక్కువగా నిలువుగానే జరుగుతుంది. పక్కలకు జరిగేది అందులో అయిదో వంతు కూడా ఉండదు. అందువల్ల కిటికీల అడ్డగీతలు చారలుగా తెగిపోతాయి, నిలువు అంచులు మాత్రం కొంచెమే వణుకుతాయి. బజారులో దొరికే చాలా నమూనాల్లో ఇది తిరగబడి, బస్సు పాములా పక్కలకు వంకర్లు పోతుంది.

ఇవన్నీ ఒక్కసారే చేసే పనిముట్టు `Filter > Distort > Displace`. దీనికి ఒక మ్యాపు కావాలి. చిత్రం ఎంత ఉందో అంతే కొలతతో కొత్త ఫైలు తెరిచి 50 శాతం బూడిదరంగు నింపండి. `Add Noise` వేసేటప్పుడు `Monochromatic` గుర్తు తీసేయండి, అప్పుడు ఎరుపు, ఆకుపచ్చ చానళ్ళలో వేరువేరు మచ్చలు పడతాయి. `Gaussian Blur` తో మెత్తబరిచి, `Levels` తో కాంట్రాస్టు తిరిగి పెంచండి. తర్వాత నిలువున బాగా అణచి, `Perspective` తో కింది అంచును వెడల్పు చేయండి, మచ్చలు పైన చిన్నగా, కింద పెద్దగా అవ్వాలి. చివరగా పైభాగంలో బూడిదరంగు గ్రేడియంట్ వేసి కాంట్రాస్టును సగానికి తగ్గించండి. మన బస్సుకు సగం చాలు, నీటి అంచునే ఉన్న వస్తువుకైతే పూర్తిగా బూడిద చేయాలి. ఫైలును PSD గా దాచుకోండి.

బూడిదరంగు విలువ 128 అయితే పిక్సెల్ కదలదు. నలుపు ఒకవైపు, తెలుపు ఇంకోవైపు తోస్తాయి. స్కేలు 100 అంటే గరిష్ఠంగా 128 పిక్సెళ్ళ జరుగుడు. ఎరుపు చానల్ పక్కలకు, ఆకుపచ్చ చానల్ నిలువుకు పనిచేస్తాయి. మనకు నిలువున 76, పక్కలకు 14 పిక్సెళ్ళు కావాలి కాబట్టి ఇలా ఇవ్వాలి:

```
Horizontal Scale: 11
Vertical Scale:   60
Stretch To Fit
Repeat Edge Pixels
```

చూపు నిట్టనిలువుకు దగ్గరైతే ఈ రెండు అంకెలూ దగ్గరవుతాయి. వంతెన మీద నుంచి తీసిన ఫోటోకు ఇవే వాడకండి. అలలు మొదలయ్యే ముందే నీళ్ళ మీద తేలే కలుపునూ తూటికాడ ఆకులనూ మాస్క్‌తో మినహాయించాలి, ఆకు మీద బస్సు ప్రతిఫలించదు.

మెరిసే బల్ల సంగతి దీనికంటే చిన్నది. అక్కడ అలలు లేవు, కానీ మడత సమస్య ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. పచ్చడి సీసాను కాస్త పైనుంచి తీస్తే దాని అడుగు అంచు కిందికి వంగిన విల్లులా కనిపిస్తుంది. తిప్పితే ఆ విల్లు పైకి వంగుతుంది, రెండూ మధ్యలో ఒక్క చుక్క దగ్గర మాత్రమే తాకుతాయి, రెండు పక్కలా ఖాళీ. `Warp` తో వంచి అతికించవచ్చు, కానీ మూత పైభాగం ప్రతిబింబంలో కూడా కనిపిస్తూనే ఉంటుంది, అది ఉండకూడదు. దీనికి నేను చెప్పే ఉపాయం రెండో ఫోటో. సీసాను ఎత్తైన స్టూలు అంచున పెట్టి, మొదట పైనుంచి ఎంత వాలుగా చూశామో ఇప్పుడు కిందినుంచి అంతే వాలుగా, అంతే దూరం నుంచి తీయాలి. దాన్ని తిప్పితే అడుగు విల్లు మొదటి ఫోటోలోని విల్లుతో సరిగ్గా కలుస్తుంది. అంతకంటే సులువు, ఒక నల్ల అక్రిలిక్ రేకు కొని దాని మీదే సీసాను నిలబెట్టి తీయడం. మామూలు అద్దం మాత్రం వద్దు. దాని పూత గాజు వెనక ఉంటుంది కనుక సీసాకూ ప్రతిబింబానికీ మధ్య ఖాళీ వస్తుంది.

బల్ల మీద మసక కూడా దూరంతో పెరగాలి. వార్నిష్ వేసిన బల్ల అద్దమంత నున్నగా ఉండదు కాబట్టి సీసా అడుగు ప్రతిబింబంలో స్పష్టంగా, మెడ దగ్గర చెదిరి ఉంటుంది. అపారదర్శకత తగ్గించడం కంటే గ్రేడియంట్ మాస్క్ సాయంతో `Gaussian Blur` వేయడం నిజానికి దగ్గర. నల్లబల్ల అయితే ప్రతిబింబం లేయర్‌ను `Screen` లో పెట్టాలి, ఎందుకంటే మెరుపు బల్ల రంగుకు వెలుగును కలుపుతుందే తప్ప దాన్ని కప్పేయదు.

"రోడ్డు మీద బండిలో వెళ్ళేవాడు ఇవన్నీ చూస్తాడా అన్నా?" అని మా దుకాణంలో పనిచేసే కుర్రవాడు అడుగుతుంటాడు. గీత ఎక్కడ తప్పిందో వేలెత్తి చూపించలేకపోవచ్చు. కానీ రంభ దగ్గర చిలికా ఒడ్డున పడవలనూ ఛత్రపురం దగ్గర తంపరా నీళ్ళనూ చిన్నప్పటి నుంచి చూసిన కన్ను ఇక్కడి వాళ్ళది. ఆ కంటికి బస్సు అతికించినట్టు ఉందని తెలుస్తుంది, బస్సు అతికించినట్టు ఉంటే ఆ ట్రావెల్స్ మీద నమ్మకం కూడా అలాగే ఉంటుంది. తిప్పి పెట్టడం సరిపోయే సందర్భాలు లేవని నేను అనను. దూరపు కొండలు, అవతలి గట్టు మీది చెట్లు, నీటికి దగ్గరగా కూర్చుని తీసిన ఫోటో, వీటికి రెండు కెమెరాలూ దాదాపు ఒకే దృశ్యాన్ని చూస్తాయి. అక్కడ `Flip Vertical` చాలు. గాలి బాగా వీచే మధ్యాహ్నం తీసిన చిలికా ఫోటో అయితే అదీ అక్కర్లేదు. నీళ్ళు గరుకుగా, ఆకాశం రంగులో ఉన్నప్పుడు బస్సు ఆకారం అందులో కనిపించదు, దాని తెల్లరంగు మాత్రం నిలువుగా సాగిన ఒక మసక చారగా పడుతుంది. అలాంటి ఫోటో తెచ్చినవారికి నేను ఆ చారనే వేసి ఇస్తాను, బస్సు మొత్తం కావాలంటే తెల్లవారుజామున తీసిన ఇంకో ఫోటో అడుగుతాను.